రెజ్యూమె రాసిపెట్టే పని: మార్పులకు గీత ఎక్కడ గీయాలి?

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల కింద ఉండే జిరాక్స్ షాపుల్లో రెజ్యూమె టైపు చేసి ఇవ్వడం పాత పనే. ఎవరిదో ఫైలు తెరిచి, పేరూ ఫోన్ నంబరూ చదువూ మార్చి, ప్రింటు తీసి చేతిలో పెడతారు. ఇప్పుడు చాలామంది ఇంట్లోంచే లాప్‌టాప్ మీద చేస్తున్న పని వేరు. ఉద్యోగం వెతుక్కునే మనిషితో గంటసేపు మాట్లాడతారు. ఇన్నేళ్లలో ఆ మనిషి నిజంగా చేసిన పనేమిటో రాబడతారు. దాన్ని కంపెనీవాళ్లు చదివే పద్ధతిలో రాసి, నౌకరీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లను కూడా అందుకు తగ్గట్టు సరిచేసి ఇస్తారు. హెచ్‌ఆర్‌లో పనిచేసి మానేసినవాళ్లు, ఇంటిపట్టున ఉండాల్సివచ్చిన రిక్రూటర్లు, ఇంగ్లిషు బాగా రాయగల టీచర్లు ఈ పనిలోకి వస్తున్నారు. నేను చేస్తున్నదీ ఇదే.

ఇందులోకి వచ్చినవాళ్లు కొద్దినెలల్లోనే మానేయడానికి కస్టమర్లు దొరకకపోవడం ఒక్కటే కారణం కాదు. చేతికొచ్చిన రెజ్యూమె పూర్తవకపోవడం అంతకంటే పెద్ద కారణం. లెక్క చూడండి. ఐదారేళ్ల అనుభవం ఉన్న వ్యక్తి దగ్గర 3,000 రూపాయలు తీసుకున్నామనుకుందాం. మాట్లాడటం, రాయడం, ప్రొఫైల్ సరిచేయడం, ఒకట్రెండు మార్పులు అన్నీ కలిపి ఆరు గంటలు పడితే గంటకు 500 గిట్టుబాటు. ఆ తర్వాత వాట్సాప్‌లో "ఇంకొక్క చిన్న మార్పండీ" అని ఆరుసార్లు అడిగారు. ఫైలు తెరవడం, మార్చడం, వరసలు చెదిరితే సర్దడం, మళ్లీ పంపి మాట్లాడటం కలిపి ఒక్కోసారికీ నలభై నిమిషాలు పోతాయి. మరో నాలుగు గంటలన్నమాట. గంటకు 500 కాస్తా 300కు దిగింది. అంతకంటే పెద్ద నష్టం, ఆరో మార్పు నాటికి రెజ్యూమె మొదటిసారి ఇచ్చినదానికంటే అధ్వానంగా తయారవుతుంది.

మార్పులను తగ్గించేది చివర్లో చూపించే కఠినత్వం కాదు. మొదట్లో అడిగే ప్రశ్నలు. ఒక కేసు వివరంగా చెబితే ఇది అర్థమవుతుంది. నా దగ్గరికి వచ్చే అకౌంట్స్ వాళ్ల కేసులు రెండుమూడింటిని కలిపి, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను.

విజయవాడ అమ్మాయి. బీకాం చదివింది. రెండేళ్లు ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో, తర్వాత నాలుగేళ్లు ఆటో విడిభాగాల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేసింది. మధ్యలో బాబు పుట్టినప్పుడు ఎనిమిది నెలలు ఖాళీ. భర్తకు హైదరాబాద్ బదిలీ అయింది కాబట్టి అక్కడ ఉద్యోగం కావాలి. ఆమె పంపిన పాత రెజ్యూమె మూడు పేజీలు. పైన జీవితాశయం, కింద తండ్రిపేరు, హాబీలు, "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే పేరా. ఆరేళ్ల పని మాత్రం ఒక్క వాక్యంలో ముగిసింది: టాలీ, జీఎస్టీ, టీడీఎస్ తెలుసు.

ఇలాంటి వాళ్లను "మీరు సాధించినవేమిటి?" అని అడిగితే లాభం లేదు. "ఏముందండీ, మా సార్ చెప్పింది చేశాను" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు, వాళ్లు అలాగే అనుకుంటారు. అందుకే వాళ్ల రోజువారీ పనిలోంచి అడగాలి.

"నెలలో పదో తేదీ నుంచి ఇరవయ్యో తేదీ దాకా మీ టేబుల్ మీద ఏముంటుందమ్మా?" అని అడిగాను.

"పదకొండుకి జీఎస్టీఆర్-1 గడువండీ. దానికి ముందే అమ్మకాల బిల్లులన్నీ సరిచూసుకోవాలి. పద్నాలుగున 2బి వస్తుంది. దాంతో మా కొనుగోలు బిల్లులు పోల్చి, కలవని సప్లయర్లకు ఫోన్లు చేస్తాను. ఇరవైలోపు 3బి వెయ్యాలి."

"బిల్లులు ఎన్నుంటాయి? సప్లయర్లు ఎంతమంది?"

"అమ్మకాలవి నెలకు నాలుగు వందల దాకా. సప్లయర్లు అరవై మంది ఉంటారు సార్."

"మీరు చేరకముందు ఈ పోల్చి చూడటం ఎవరు చేసేవారు?"

"ఎవరూ చూసేవారు కాదండీ. ఏడాది చివర్లో ఆడిటర్ గారు చూసేవారు. క్రెడిట్ పోతోందని నెలనెలా చూడటం నేనే మొదలుపెట్టాను."

ఆ చివరి మాటే ఆమె రెజ్యూమెలో అన్నిటికంటే పైన ఉండాల్సినది. అరవై మంది సప్లయర్ల బిల్లులను నెలనెలా 2బితో సరిచూసే పద్ధతిని తానే మొదలుపెట్టిన అకౌంటెంట్ అని చదివితే ఫైనాన్స్ మేనేజర్ ఆగి చూస్తాడు. ఈ సంగతి అడక్కపోయి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. "బాగానే ఉంది కానీ ఏదో తక్కువైందండీ" అంటూ మార్పులు మొదలయ్యేవి. ఏది తక్కువైందో ఆమె చెప్పలేదు, నేను కనిపెట్టలేను. అయిదారుసార్లు వాక్యాలు అటూ ఇటూ తిప్పినా ఆ లోటు తీరదు. మార్పుల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే.

ఎంత క్రెడిట్ మిగిల్చారని అడిగాను. లెక్క లేదంది. కాబట్టి మొత్తం రాయలేదు. "రెండు లక్షలని వేద్దామా సార్?" అని అడిగింది. ఇంటర్వ్యూలో "ఆ రెండు లక్షలు ఎలా వచ్చాయి?" అంటే ఆమె దగ్గర సమాధానం ఉండదు. నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, రెజ్యూమెలోని ప్రతి వాక్యం గురించీ ఆ వ్యక్తి రెండు నిమిషాలు మాట్లాడగలగాలి. తెలుగులో మాట్లాడినా ఫరవాలేదు. మాట్లాడలేని వాక్యం ఎంత అందంగా ఉన్నా తీసేయాలి.

మాట్లాడటం అయ్యాక నేను వెంటనే రాయడం మొదలుపెట్టను. ముందు ఒక వివరాల పట్టిక పంపుతాను. అలంకారం ఏమీ ఉండదు. ఆఫర్ లెటర్లో ఉన్నట్టే హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, తను చెప్పిన అంకెలు, నోటీసు పీరియడ్, వెళ్లాలనుకుంటున్న ఉద్యోగం. దీంతోపాటు తనకు నచ్చిన ఉద్యోగ ప్రకటనలు మూడు ఆమే వెతికి పంపాలి. ఆ మూడూ రాకపోతే పని మొదలవదు. ఏ ఉద్యోగానికి రాస్తున్నామో తేలకుండా రాసిన రెజ్యూమెకు మార్పులు ఆగవు.

తేదీల దగ్గర ఆమె తటపటాయించింది. "ఆ ఎనిమిది నెలలు కనపడకుండా చెయ్యొచ్చా సార్? పాత ఆఫీసులో ఇంకొంత కాలం చేసినట్టు..." చాలామంది ఇదే అడుగుతారు. రాసిపెట్టేవాళ్లలో కొందరు ఒప్పుకుంటారు కూడా. అది ఆ మనిషికి చేసే అన్యాయం. పీఎఫ్ ఉన్న ఉద్యోగాలన్నిటికీ ఈపీఎఫ్ఓ దగ్గర చేరిన తేదీ, మానేసిన తేదీ నమోదై ఉంటాయి. కంపెనీలు చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో వాటిని పోల్చి చూస్తారు. తేడా వస్తే చేతికొచ్చిన ఆఫర్ వెనక్కి పోతుంది. బాబు పుట్టిన కారణంగా ఎనిమిది నెలల విరామం అని ఒక్క వరుసలో నిజం రాస్తే ఏ నష్టమూ లేదు. అదే చెప్పాను. ఆమె పట్టిక మొత్తం చదివి "అన్నీ సరిగ్గా ఉన్నాయి" అని రాతపూర్వకంగా పంపింది. ఆ ఒక్క మెసేజ్‌తో సగం మార్పులు అప్పటికే అయిపోయినట్టు.

తర్వాత రెజ్యూమె రాశాను. ఒకటిన్నర పేజీ, ఒకే వరుస, బాక్సులూ గీతలూ లేవు. పంపేముందు చేసే పరీక్ష ఒకటుంది. ఎవరైనా చేసుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయాలి. కంపెనీల సాఫ్ట్‌వేర్ రెజ్యూమెలోంచి అక్షరాలను ఎలా లాగుతుందో అక్కడ దాదాపుగా కనిపిస్తుంది. రెండు వరసల డిజైన్‌లో ఉద్యోగం పేరు ఒకచోట, దాని తేదీలు ఎక్కడో అడుగున వచ్చి పడతాయి. పేజీ పైభాగంలో హెడర్‌గా పెట్టిన ఫోన్ నంబరు కొన్నిసార్లు అసలే చదవబడదు. నోట్‌ప్యాడ్‌లో అడ్డదిడ్డంగా వస్తే కంపెనీ దగ్గరా అలాగే వచ్చే ప్రమాదముంది.

ఆమె నుంచి మార్పులు వచ్చాయి. అవన్నీ ఒక రకమైనవి కావు. ఈ పనిలో నేర్చుకోవాల్సిన ముఖ్యమైన సంగతి అదే.

ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. అది నా తప్పు. ఇలాంటివి ఎన్నిసార్లు వచ్చినా, ఆరునెలల తర్వాత వచ్చినా, ఉచితంగా సరిచేయాలి. వాటిని లెక్కలో వేయకూడదు. టీడీఎస్ పని గురించిన వాక్యం ఇంకొంచెం పైకి రావాలని, సీఏ ఆఫీసు పనిని కుదించమని అడిగింది. ఇది న్యాయమైన మార్పు, ఇచ్చిన డబ్బులో భాగమే. ఇలాంటివి రెండు విడతల వరకు చేస్తానని ముందే చెబుతాను. మొదటి విడతలో వరుస, ధోరణి, మరిచిపోయిన చిన్న విషయాలు వస్తాయి. రెండో విడతలో వాటిని సరిచూసుకుంటారు. మూడోసారికి వచ్చేవి దాదాపు అన్నీ అభిరుచి మార్పులే. మొన్న తీసేసిన మాటను మళ్లీ పెట్టమంటారు.

ఆ తర్వాత బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావగారు రంగంలోకి దిగారు. "రెండు కాలమ్‌లు పెట్టి, ఫొటో వేసి, ఏ స్కిల్ ఎంత శాతం వచ్చో బార్లు గీయమంటున్నారండీ" అని మెసేజ్. మన ఇళ్లలో ఉద్యోగం ఒక్కరి వ్యవహారం కాదు. అన్నయ్య, బావ, అమెరికాలో ఉన్న పిన్ని కొడుకు అందరూ చూస్తారు. అది ప్రేమే, కోప్పడాల్సిన పని లేదు. అయితే ఎవరెవరు చూడాలో వాళ్లందరికీ మొదటి డ్రాఫ్ట్ రోజే చూపించమని, అందరి మాటా కలిపి తనే తేల్చి ఒకే మెసేజ్‌లో పంపమని ముందే చెప్పాలి. నేను మాట్లాడేది కస్టమర్‌తోనే. బావగారి సలహా గురించి ఆమెకు నోట్‌ప్యాడ్ పరీక్ష చూపించాను. టాలీ 90 శాతం వచ్చు అంటే మిగతా పది శాతం ఏమిటని అడిగితే ఏం చెబుతావమ్మా అన్నాను. ఆమే వద్దంది.

రెండు వారాల తర్వాత ఇంకో మెసేజ్: "పేరోల్ ఉద్యోగం ఒకటి పడింది సార్, దానికి తగ్గట్టు మార్చి ఇస్తారా?" మార్పు అన్న మాట వాడింది కానీ ఇది మార్పు కాదు, కొత్త పని. మూడు ప్రకటనలు చూసి ఒప్పుకున్న ఉద్యోగం వేరు, ఇది వేరు. వేరే వాక్యాలు పైకి రావాలి, జీతాల పని గురించి మళ్లీ అడగాలి. దానికి మొదటి ఫీజులో మూడోవంతు తీసుకుంటాను. ఈ సంగతి మొదటిరోజే రాసి ఇవ్వడంతో మాటామాటా రాలేదు. "అమ్మా, ఇది కొత్త ఉద్యోగానికి కొత్త రెజ్యూమె. ఫీజు వెయ్యి రూపాయలు, రెండు రోజుల్లో ఇస్తాను. చేయమంటారా?" అని అడిగితే సరిపోయింది. సంజాయిషీలు, సాగదీతలు అక్కర్లేదు.

గడువు కూడా పెట్టుకోవాలి. నాది డ్రాఫ్ట్ పంపిన రోజు నుంచి ఏడు రోజులు. దీనికి కారణం నా సౌకర్యం మాత్రమే కాదు. నెల గడిచాక వచ్చే మార్పులు రెజ్యూమె గురించి ఉండవు, ఫోన్లు రాలేదన్న బాధలోంచి వస్తాయి. "ఒక్క కాల్ కూడా రాలేదు, ఇంకోలా రాయండి" అంటారు. ఆ బాధ నిజమైనదే, కానీ మందు వేరే చోట ఉండొచ్చు. అందుకే మూడు వారాల తర్వాత పదిహేను నిమిషాలు ఫోన్లో మాట్లాడటం నా ఫీజులోనే కలిపాను. ఎక్కడెక్కడ అప్లై చేశారు, ఎంత జీతం అడుగుతున్నారు, నోటీసు పీరియడ్ నింపారా అని చూస్తాం. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. సగం ముందు, మిగతా సగం డ్రాఫ్ట్ పీడీఎఫ్ చూశాక తీసుకుంటాను. ఆ సొమ్ము అందాక మార్పులు మొదలవుతాయి, అవి ముగిశాక మార్చుకోవడానికి వీలయ్యే వర్డ్ ఫైలు వాళ్ల చేతికిస్తాను. వర్డ్ ఫైలు ఇవ్వకుండా దాచుకునేవాళ్లున్నారు, ప్రతి చిన్న మార్పుకూ తమ దగ్గరికే రావాలని. అది తప్పు. ఫోన్ నంబరు మారితే తనే మార్చుకునే వీలు కస్టమర్‌కు ఉండాలి.

ప్రొఫైల్ పని రెజ్యూమెలాంటిదే అనిపిస్తుంది కానీ నడిచే తీరు వేరు. రెజ్యూమెను మనం పంపితే చదువుతారు. ప్రొఫైల్‌ను రిక్రూటర్ వెతికి పట్టుకోవాలి. ఆ వెతకడం మాటలతో, ఊరితో, అనుభవంతో, నోటీసు పీరియడ్‌తో జరుగుతుంది. ఈ అమ్మాయి నౌకరీలో ఊరు విజయవాడ అనే ఉంది, కోరుకునే ఊరు ఖాళీ. హైదరాబాద్ రిక్రూటర్ వెతుకులాటలో ఆమె రానే రాదు. రెజ్యూమె ఎంత బాగా రాసినా ఈ ఒక్క ఖాళీ దాన్ని వృథా చేస్తుంది. నౌకరీ హెడ్‌లైన్‌కు 250 అక్షరాలు, లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు హద్దు. "ఉద్యోగం కోసం చూస్తున్నాను" అని వాటిని ఖర్చు చేయకుండా హోదా, ఏళ్లు, జీఎస్టీ, టీడీఎస్, టాలీ ప్రైమ్, హైదరాబాద్ అన్నవి అందులోనే పట్టించాలి.

ఒక జాగ్రత్త. ఉద్యోగంలో ఉంటూ వెతుక్కునేవాళ్ల ప్రొఫైల్ మార్చేముందు, ఆ మార్పులు తోటివాళ్లకు తెలియజేసే సెట్టింగ్‌ను లింక్డ్‌ఇన్‌లో ఆపించాలి. నౌకరీలో ఇప్పుడున్న కంపెనీకి ప్రొఫైల్ కనపడకుండా చేసే వీలుంది, దాన్నీ వాడించాలి. పాస్‌వర్డ్ మాత్రం అడగకండి, వాళ్లే ఇచ్చినా తీసుకోకండి. రాసింది పంపి, వీడియో కాల్‌లో వాళ్ల చేతే పెట్టించాలి. ఆధార్, పాన్ కాపీలతో మనకు పనే లేదు. పని ముగిశాక కస్టమర్ ఫైళ్లు ఎన్నాళ్లు ఉంచుకుంటామో ముందే చెప్పి, ఆ గడువుకి తుడిచేయాలి.

ఇక కస్టమర్లు. "అందరికీ రెజ్యూమెలు రాస్తాం" అని ప్రకటన ఇస్తే ఎవరూ రారు, వచ్చినవాళ్లు ధర మాత్రమే అడుగుతారు. పెద్ద జాబ్ సైట్లకే సొంత రెజ్యూమె సేవలున్నాయి. వాటితో ధరలో పోటీపడలేం. మనకు తెలిసిన ఒక్క వృత్తిని పట్టుకోవడం మంచిది. నాది అకౌంట్స్. జీడిమెట్ల ఫార్మా కంపెనీల క్వాలిటీ విభాగంలో పనిచేసి మానేసినవాళ్లకు ఆ రంగం సహజంగా కుదురుతుంది, నర్సింగ్ తెలిసినవాళ్లకు నర్సింగ్. రంగం తెలిస్తే పదో తేదీ ప్రశ్న అడగగలం. ఆ ప్రశ్న అడిగినవాళ్లను కస్టమర్ మరిచిపోడు, తన ఆఫీసులో మరొకరికి చెబుతాడు. మార్పులు తగ్గడానికీ కస్టమర్లు రావడానికీ మూలం ఒకటే అని నేను నమ్ముతున్నది ఇందుకే.

మొదటి కస్టమర్ల కోసం నేను వెళ్లింది టాలీ నేర్పే ఇన్‌స్టిట్యూట్లకు, అకౌంటెంట్ల వాట్సాప్ గ్రూపులకు. అక్కడ ప్రకటన పెట్టలేదు. ఒకరి రెజ్యూమె అడిగి, పదిహేను నిమిషాల్లో మూడు లోపాలు చూపించి, ఎందుకు లోపాలో చెప్పాను. తిరగరాసి మాత్రం ఇవ్వలేదు. ఉచితంగా తిరగరాస్తే గ్రూపంతా ఉచితంగానే అడుగుతుంది. లోపం చూపిస్తే కొందరు సొంతంగా సరిచేసుకుంటారు, సంతోషం. మిగతావాళ్లు ఫోన్ చేస్తారు. మార్చి నెలాఖరు ఖాతాల హడావుడి ముగిసి, జీతాల పెంపు ఎంతో తేలే ఏప్రిల్, మే నెలల్లో అకౌంట్స్ వాళ్లు ఎక్కువగా ఉద్యోగాలు మారతారు. ఆ గ్రూపుల్లో మాట్లాడాల్సింది అప్పుడే.

నమూనాలు చూపించాలంటే పాత కస్టమర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, పేరూ కంపెనీ పేరూ అంకెలూ మార్చి చూపాలి. అదే వృత్తిలో ఉన్నవాళ్లు వివరాలను బట్టి మనిషిని ఇట్టే పోల్చుకుంటారు.

మన దగ్గర అన్నిటికంటే పెద్ద అడ్డంకి అపనమ్మకం. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఉద్యోగం ఖాయం అని చెప్పి డబ్బు తీసుకుని మాయమైనవాళ్ల చేతిలో మోసపోయిన కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అందుకే నా షరతుల కాగితంలో మొదటి వాక్యం "ఉద్యోగం ఇప్పిస్తామని మేము హామీ ఇవ్వడం లేదు" అని ఉంటుంది. కన్సల్టెన్సీలు కస్టమర్లను పంపితే తీసుకుంటాను, వాళ్లతో కమీషన్ లెక్కలు పెట్టుకోను. రెజ్యూమె డబ్బు ఉద్యోగం కోసం ఇచ్చిన డబ్బు అనే అనుమానం ఎక్కడా రాకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక మాట. మొదటి కొన్ని రెజ్యూమెలకు వచ్చిన ప్రతి మార్పునూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ తప్పా, కస్టమర్ అభిరుచా, కొత్త సమాచారమా అని పక్కన గుర్తు పెట్టండి. కొత్త సమాచారం అని రెండుసార్లు వచ్చిన ప్రతి అంశమూ మీరు మొదటి రోజు అడగని ప్రశ్న. దాన్ని వివరాల పట్టికలో చేర్చండి. ఫీజు పెంచే ఆలోచన ఆ పని అయ్యాకే చేయండి.